పాత షార్ట్‌హ్యాండ్ నోటు పుస్తకాలు: ఏ అవుట్‌లైన్లను మనమే చదవవచ్చు, ఏవి అనుభవజ్ఞులకు చూపాలి?

పాత_కాగితాలు

మా తాతగారు గుంటూరులో ఒక వకీలుగారి దగ్గర స్టెనోగా పనిచేశారు. ఆంధ్ర హైకోర్టు 1954లో గుంటూరులో ఏర్పడి 1956లో హైదరాబాదుకు తరలిపోయే దాకా ఆయన రాసుకున్న డిక్టేషన్ పుస్తకాలు కొన్ని మా ఇంట్లో ఉన్నాయి. అన్నీ ఇంగ్లీషు పిట్‌మన్‌లోనే ఉన్నాయి, దాదాపుగా పెన్సిలుతోనే రాశారు. నేను చదువుకునే రోజుల్లో ఇన్‌స్టిట్యూట్‌లో షార్ట్‌హ్యాండ్ లోయర్ పాసయ్యాను కాబట్టి అక్షరాలు గుర్తున్నాయి. నెమ్మదిగా చూస్తూ పోతే పేజీలో చాలా భాగం అర్థమవుతున్నట్టే ఉంటుంది కానీ, అది నిజంగా చదవడమా, ఊహించుకోవడమా అన్న సందేహం వదలడం లేదు. చదివినదాన్ని టైపు చేసి కుటుంబంలో అందరికీ ఇవ్వాలనుకుంటున్నాను. ఏ మాటను నిస్సందేహంగా టైపు చేయవచ్చో, ఏ మాట దగ్గర ఆగి పాత స్టెనోలను అడగాలో తేల్చుకోవడానికి మీరు పాటించే పద్ధతి ఏమిటో చెప్పగలరా?

కొత్త_అభ్యర్థి

షార్ట్‌హ్యాండ్ హయ్యర్ పరీక్షకు ఏ పుస్తకం మంచిదో కూడా ఎవరైనా చెప్పండి. నాకు నిమిషానికి ఎనభై మాటలు దాటడం లేదు.

విశ్రాంత_స్టెనో

కొత్త అభ్యర్థిగారూ, వేగం పెంచుకోవడం వేరే విషయం, దానికి విడిగా చర్చ ప్రారంభించండి, నాకు తెలిసినంత అక్కడ చెబుతాను. ఇక్కడ అడిగినది ఇంకొకరు రాసినదాన్ని చదవడం గురించి.

పాత కాగితాలుగారూ, మీ సందేహమే సరైన మొదలు. డిక్టేషన్ తీసుకునే స్టెనో అచ్చులను దాదాపుగా రాయడు, హల్లుల గీతలు మాత్రమే రాసి ముందుకు పోతాడు. గంట తరువాత తానే టైపు చేస్తాడు కాబట్టి మిగిలినది అతని జ్ఞాపకం పూరించేది. మీ దగ్గర ఆ జ్ఞాపకం లేదు. కాబట్టి ఒక అవుట్‌లైన్‌ను చదివినప్పుడు “నాకు ఎంత నమ్మకంగా ఉంది” అని అడగడం కన్నా “ఈ కాగితం మీద ఉన్న ఏ ఆధారం మిగతా మాటలను తోసిపుచ్చుతోంది” అని అడగండి.

ఒక ఉదాహరణ చెబుతాను, కోర్టు పుస్తకాల్లో ఇది పదేపదే ఎదురవుతుంది. సగం పొడవున్న ‘బీ’ గీత, దాని చివర ‘ఎన్’ హుక్కు ఉన్నాయనుకోండి. గీత సగమైతే ‘టీ’ గానీ ‘డీ’ గానీ చేరుతుంది, హుక్కు ఉన్నప్పుడు రెండింటిలో ఏదైనా కావచ్చు. ఆ గీత లైనుకు పైన ఉంటే బాండ్, బైండ్, బ్యాండ్ అనే మాటల్లో ఒకటి. లైను మీద ఉంటే బెండ్, బెంట్, బౌండ్ అనే మాటల్లో ఒకటి. మొదటి అచ్చును బట్టి గీత స్థానం మారుతుంది. సగం గీతలకు లైనును దాటించి రాసే మూడో స్థానం లేదు కాబట్టి ‘బౌండ్’ కూడా లైను మీదికే వస్తుంది. ఇప్పుడు “ఎగ్జిక్యూటెడ్ ఎ ... ఇన్ ఫేవర్ ఆఫ్” అనే మాటల మధ్య, లైనుకు పైన ఆ గీత ఉంటే అది ‘బాండ్’ అని నిర్భయంగా టైపు చేయవచ్చు, ఎందుకంటే గీత స్థానమూ వాక్య నిర్మాణమూ వేర్వేరుగా ఒకే మాట చెబుతున్నాయి.

అయితే పెన్సిలు రాతలో ఒక చిక్కు ఉంది. ‘బీ’ గీత ‘పీ’ గీతనే ఒత్తి రాసినది. ఒత్తు చెరిగిపోతే అదే స్థానంలో, అదే హుక్కుతో అది ‘పాయింట్’ కూడా కావచ్చు. “ద ... రెయిజ్డ్ బై ద లర్నెడ్ కౌన్సెల్” అంటే పాయింటే అనిపిస్తుంది, నిజానికి అయి ఉండవచ్చు కూడా. కానీ అక్కడ మీకున్నది వాక్యం ఆధారం ఒక్కటే, గీత ఆధారం లేదు. కాబట్టి దాన్ని ప్రశ్నార్థకంతో టైపు చేయండి.

నీలిసిరా

ఈ ఒత్తు సమస్యను స్కానరుతో తేలిగ్గా తీర్చవచ్చు. పేజీని ఎక్కువ రిజల్యూషన్‌లో స్కాన్ చేసి కాంట్రాస్టు పెంచితే ఒత్తిన గీతలు నల్లగా, పలచని గీతలు బూడిదగా కనిపిస్తాయి. మా నాన్నగారి ఉత్తరాలకు అలాగే చేశాను.

భద్రపేటిక

సిరాతో రాసిన ఉత్తరాలకు అది పనిచేస్తుంది, కొంతవరకు పెన్సిలుకూ పనిచేస్తుంది. కానీ పాత పెన్సిలు పుస్తకాల్లో ఎదురు పేజీ రాపిడికి గ్రాఫైటు చెదిరి పలచని గీత కూడా వెడల్పుగా మారుతుంది. కాంట్రాస్టు పెంచితే ఆ మరక కూడా ఒత్తులాగే కనబడి, లేని నమ్మకం కలిగిస్తుంది. నేను పాత దస్తావేజుల భద్రత చూసే పనిలో ఉన్నాను, మేము చేసేది ఇది: గది చీకటి చేసి, టార్చి లైటును కాగితానికి దాదాపు సమాంతరంగా, ఒక పక్క నుంచి వేస్తాము. ఒత్తి రాసిన గీత కాగితంలో గాడి మిగులుస్తుంది, గ్రాఫైటు పోయినా ఆ గాడి నీడ కనిపిస్తుంది. లైటును గీత ఉన్న దిశలో కాకుండా గీతకు అడ్డంగా పడేలా తిప్పుకోవాలి, లేకపోతే గాడి కనబడదు. పేజీ వెనక్కి తిప్పి చూస్తే కొన్నిసార్లు ఇంకా స్పష్టంగా తెలుస్తుంది.

దీనికీ హద్దు ఉంది. పుస్తకం కింద మెత్తటి దొంతర ఉంటే, లేదా ఆయనది తేలిక చెయ్యి అయితే గాడి అసలు ఏర్పడదు. పక్క గీతల్లో ఖచ్చితంగా ఒత్తినవని తెలిసిన వాటికే గాడి లేకపోతే, ఈ పేజీలో ఆ పరీక్ష పనికిరాదని అర్థం.

నీలిసిరా

ఎదురు పేజీ రాపిడిని నేను లెక్కలోకి తీసుకోలేదు. అయినా సిరా పేజీలకు నా పద్ధతే తేలిక అనుకుంటున్నాను.

పాత_కాగితాలు

ఇప్పుడే టార్చితో ప్రయత్నించాను. పై పేజీల్లో గాడి కనబడుతోంది, పుస్తకం చివరికి వచ్చేసరికి లేదు. ఇంకొక ప్రశ్న: తాతగారు ‘లర్నెడ్ కౌన్సెల్ ఫర్ ద ప్లెయింటిఫ్’ లాంటి మాటలను కలిపి ఒకే అవుట్‌లైన్‌గా రాశారు, నాకు తెలిసిన పుస్తకాల్లో అవి లేవు. వీటిని ఎలా నమ్మాలి?

విశ్రాంత_స్టెనో

వాటిని పాఠ్యపుస్తకంలో వెతకవద్దు, ఆయన పుస్తకాల్లోనే వెతకండి. ప్రతి స్టెనోకు తన సొంత ఫ్రేజులు ఉంటాయి, ముఖ్యంగా ఒకే యజమాని దగ్గర ఏళ్ళ తరబడి పనిచేసినవాడికి. ఒక ఫ్రేజు మీకు దొరికిన ప్రతిచోటా ఒకే అర్థం ఇస్తూ, కనీసం ఒకచోట చుట్టుపక్కల మాటలు ఆ అర్థాన్ని బలవంతంగా కోరుతూ ఉంటే, దాన్ని ఆయన ఫ్రేజుగా ఒక జాబితాలో రాసుకోండి. ఆ కాలపు టైపు ప్రతి ఏదైనా మీ ఇంట్లో గానీ, కేసు నకలుగా గానీ దొరికితే మీ పని సగం తీరినట్టే, ఎందుకంటే అప్పుడు నోటు పుస్తకం పేజీని దాని పక్కన పెట్టి ఆయన చేతి అలవాట్లను నేరుగా నేర్చుకోవచ్చు. ఒక గీతను ఇంకొక గీత ఖండించే చోట జాగ్రత్త: ‘కే’ గీత అడ్డంగా పడితే ఒకరికి కంపెనీ, మరొకరికి కౌన్సిల్. ఆయనకు ఏదో ఆయన పేజీలే చెప్పాలి.

ఆయన ఏ ఎడిషన్ నేర్చుకున్నారో కూడా తెలుసుకోండి. 1922లో న్యూ ఈరా వచ్చింది. అంతకు ముందు పుస్తకాలతో నేర్చుకున్నవారి రాతలో కొన్ని చిన్న గుర్తులు వేరుగా ఉంటాయి, న్యూ ఈరా తెలిసినవారు వాటిని తప్పుగా చదువుతారు.

ఇక నేను మీ చేతికి వదలననే చోటు ఒకటి ఉంది. ఫ్రేజింగులో ‘నాట్’ అనే మాటను విడిగా రాయకుండా, ముందున్న గీతను సగానికి తగ్గించి కలిపేస్తారు. ‘ఐ యామ్’, ‘ఐ యామ్ నాట్’ అనే వాటికి తేడా ‘ఎమ్’ గీత పొడవు మాత్రమే. అఫిడవిట్లు ఉత్తమ పురుషలో డిక్టేట్ చేస్తారు కాబట్టి మీ పుస్తకాల్లో ఇవి తప్పకుండా ఉంటాయి. “ఐ యామ్ ఇన్ పొసెషన్ ఆఫ్ ద డాక్యుమెంట్స్” అన్నా, “ఐ యామ్ నాట్ ఇన్ పొసెషన్” అన్నా వాక్యం సరిగ్గానే ఉంటుంది, సందర్భం మీకు సాయం చేయదు. అలాంటి చోట ముందుగా అదే పేజీలో సందేహం లేని పూర్తి ‘ఎమ్’లు, సగం ‘ఎమ్’లు కొన్ని తీసుకుని కొలవండి. వేగం పెరిగినకొద్దీ చాలామంది చేతిలో పూర్తి గీతలు కుంగి సగానికి దగ్గరవుతాయి, అందుకే వేరే పేజీ కొలత పనికిరాదు. మీ గీత రెండు గుంపుల మధ్యలో పడితే, మీకు ఎంత స్పష్టంగా అనిపించినా టైపు చేయకుండా వదిలిపెట్టండి.

సముద్రపు_గాలి

మా ఇంట్లోనూ ఒక పుస్తకం ఉంది. మా పెదనాన్నగారు సభల్లో ఉపన్యాసాలు రాసుకున్నది. పాత కాగితాలుగారి పుస్తకాల్లాగే గీతలు, చుక్కలు ఉన్నాయి కానీ ఇంగ్లీషుగా చదివితే ఏ మాటా కుదరడం లేదు. నేను విశాఖలో ఉంటాను, ఎవరికి చూపాలి?

విశ్రాంత_స్టెనో

అది తెలుగు షార్ట్‌హ్యాండ్ అయి ఉంటుంది. తెలుగు షార్ట్‌హ్యాండ్‌కు కూడా సాంకేతిక విద్యా మండలి పరీక్షలు ఉన్నాయి, నేర్పిన ఉపాధ్యాయులు ఇంకా ఉన్నారు. గీతలు పిట్‌మన్‌ను పోలినా విభక్తులు, క్రియల చివరలు రాసే పద్ధతి వేరు. ఇంగ్లీషు నియమాలతో చదివి ఒకటి రెండు మాటలు కుదిరాయని ముందుకు వెళ్ళకండి. ఆ పుస్తకంలో ఒక్క మాట కూడా మీరు నిశ్చయించకుండా మీ ఊళ్ళో పాత ఇన్‌స్టిట్యూట్ నడిపినవారిని అడగండి.

భద్రపేటిక

చూపించేటప్పుడు ఒక్క గీతను కత్తిరించి ఫొటో పంపవద్దు. లైను కనిపించేలా మొత్తం పేజీ, దానికి ముందు పేజీ, వెనుక పేజీ పంపండి. లైను లేకపోతే గీత స్థానం తెలియదు, పొరుగు గీతలు లేకపోతే పొడవు తెలియదు. మనుషుల పేర్లు, ఊళ్ళ పేర్లు ఒక కాగితం మీద రాసి జతచేయండి. ‘ఆర్’, ‘ఎమ్’ గీతలను మాత్రమే చూసి రాము అన్నారా, రామయ్య అన్నారా, రమ అన్నారా అని ఏ నిపుణుడూ తేల్చలేడు. అది తెలియాలంటే కేసు కాగితాలే కావాలి. మీ ఊహను మాత్రం ముందుగా చెప్పవద్దు, విన్న మాట కంటికి ఆనుతుంది.

పాత_కాగితాలు

పేర్లను తాతగారు చాలాచోట్ల మామూలు ఇంగ్లీషు అక్షరాల్లోనే రాశారు, అది నాకు పెద్ద ఊరట. మీరు చెప్పినట్టు ‘ఎమ్’ గీతలు కొలిచాను. ఒక అఫిడవిట్‌లో, పొలం దస్తావేజుల గురించిన వాక్యం దగ్గర, గీత సరిగ్గా మధ్యలో పడింది. ఆ చోటు ఖాళీగా ఉంచి, ఆ మూడు పేజీలను మా ఊళ్ళో కోర్టులో పనిచేసి రిటైరైన ఇద్దరు స్టెనోలకు, ఒకరి సంగతి ఒకరికి చెప్పకుండా చూపించాను. ఒకరు ‘నాట్’ ఉందన్నారు, రెండోవారు లేదన్నారు.

విశ్రాంత_స్టెనో

అయితే రెండు పాఠాలనూ, ఎవరు ఏ గీతతో పోల్చి అలా అన్నారో వారి మాటల్లోనే కింద రాసి ఉంచండి. దాఖలు చేసిన అఫిడవిట్ టైపు ప్రతి ఎక్కడైనా దొరికితే తప్ప ఇది తేలదు. కేసు నంబరు పుస్తకంలో ఎక్కడో రాసుకుని ఉంటారు, డిక్టేషన్ మొదలైన చోట మార్జిన్ చూడండి.

పాత_కాగితాలు

మార్జిన్‌లో అంకెలు ఉన్నాయి, సంవత్సరం 1955 అని స్పష్టంగా ఉంది, నంబరులో చివరి అంకె ఒకటో ఏడో తెలియడం లేదు. రెండు నంబర్లతోనూ నకలుకు దరఖాస్తు పెడుతున్నాను.