ఫీజు బాకీ గురించి తల్లిదండ్రులకు ఈ మెసేజ్ పంపొచ్చా?

మా ఇంట్లోనే సాయంత్రాలు పన్నెండు మంది పిల్లలకు ట్యూషన్ చెబుతాను. నెలకు 800. ఏడో తరగతి బాబు ఒకడి ఫీజు జూన్ నుంచి సరిగా రావడం లేదు. జూన్‌లో వాళ్ళమ్మగారు 500 చేతికిచ్చారు, తర్వాత ఏమీ లేదు.

పోయిన నెల వాట్సాప్ గ్రూపులో "ఫీజు కట్టనివాళ్ళు దయచేసి కట్టండి" అని పెట్టాను. కట్టాల్సినవాళ్ళు పలకలేదు, ఎప్పుడో కట్టేసినవాళ్ళు మాత్రం "మేం కట్టాం కదా మేడం" అని ఫోన్లు చేశారు! బాబుతో చెప్పి పంపడం నాకిష్టం లేదు, వాడు తలదించుకుని కూర్చుంటాడు. అందుకే ఆవిడకు విడిగా పంపుదామని ఇలా రాసుకున్నాను:

"నమస్తే అండీ. బాబు ఫీజులో జూన్‌ది 300, జూలై 800, ఆగస్టు 800, మొత్తం 1,900 రావాల్సి ఉంది. జూన్‌లో మీరిచ్చిన 500 తీసేసే లెక్క వేశాను. నా పుస్తకంలో ఏదైనా రాయడం మరిచిపోయుంటే చెప్పండి, సరిచేస్తాను. సెప్టెంబర్ 10లోపు ఇవ్వగలరా? ఒకేసారి కుదరకపోతే రెండుసార్లుగా ఇచ్చినా ఫర్వాలేదు, తేదీలు చెప్తే చాలు."

నా సందేహం చివరి రెండు వాక్యాల మీదే. తేదీ పెడితే గద్దించినట్టు ఉంటుందా? తేదీ లేకపోతే "చూస్తాం మేడం" దగ్గరే ఆగిపోతుందని భయం. రెండుసార్ల మాట ముందే నేను అనేయాలా, వాళ్ళు అడిగితే ఒప్పుకోవాలా? ట్యూషన్ చెప్పేవాళ్ళూ, పిల్లల్ని పంపేవాళ్ళూ ఇద్దరూ చెప్పండి.