ఏరు తగ్గితే వస్తానమ్మా: ఈ పాటలో చిలుక ఉండాలా?

గుణుపురం నుంచి, పాట రాసిన అబ్బాయి

వంశధార అవతల పుట్టిల్లు ఉన్న కోడలి పాట ఇది. వంతెనలు లేని రోజుల సంగతి, మా అమ్మమ్మ చెప్పినది. పాడి చూస్తే రెండో చరణం దగ్గర ఎందుకో జారిపోతోంది. చూడండి.

ఏరు తగ్గితే వస్తానమ్మా
ఎదురు చూడకే ఈ వారం

నిన్న మోకాలు, నేడు నడుము
రేపెంత లోతో రేవు చెప్పదు
మల్లెలు వాడిన జడతో నేను
మబ్బుల వైపే చూస్తున్నా

పంజరాన చిలుకనమ్మా
పలుకు మరచిన వీణనమ్మా
చీకటి ఇంట దీపం నీవే
చేరే దారే లేదమ్మా

బరంపురం అక్క

చిలుక లేకుండా తెలుగు పాట ఎలా బాబూ? మా ఇంట్లో పెళ్లికి నేను రాసిన పాటలో రెండు చిలకలు, ఒక హంస ఉన్నాయి. అందరూ మెచ్చుకున్నారు.

రాయగడ మాస్టారు

అమ్మా, చిలుక మీద నాకు పగ లేదు. మీ పెళ్లి పాటలో దానికి పని ఉండి ఉంటుంది. ఇక్కడి గొడవ వేరు. ఈ అమ్మాయి పల్లవిలో ఏం చెప్పింది? 'ఈ వారం'. అంటే నీళ్లు తగ్గగానే బయల్దేరుతుంది. అత్తవారు ఆపలేదు, ఏరు ఆపింది. పంజరంలో చిలుకకి వారం లెక్క ఉండదు, తలుపు ఎవరో తీయాలి. ఆ ఒక్క మాటతో అత్తవారు దుర్మార్గులైపోయారు, వినేవాడు ఏరు మరిచిపోయి వాళ్ల మీద కోపం తెచ్చుకుంటాడు. 'చేరే దారే లేదమ్మా' కూడా ఆ చిలుక పాటదే. దారి ఉంది, నీళ్ల కింద ఉంది.

పర్లాకిమిడి తమ్ముడు

మాస్టారు చెప్పింది కరెక్ట్. పాట ఏరు గురించి కాబట్టి అన్నీ నీటి పోలికలే ఉంచాలి. చిలుక తీసేసి 'కన్నీరే ఏరై పొంగెనమ్మా' అని పెట్టండి, సరిపోతుంది.

రాయగడ మాస్టారు

సగం ఒప్పుకుంటాను బాబూ. కానీ నువ్వన్న కన్నీరు చిలుక కంటే ఎక్కువ చెరుపు చేస్తుంది. 'నిన్న మోకాలు, నేడు నడుము' అన్నప్పుడు అది నిజం ఏరు, కాలు పెట్టి కొలిచిన నీరు. కన్నీరు ఏరైతే ఆ కొలత ఉత్త మాటైపోతుంది. పోలిక నీటిదా కాదా అని చూడకు. పల్లవిలో ఉన్న మనిషి, ఆ రేవులో నిలబడి, ఆ వారంలో ఈ మాట అనగలదా? అది చూడు. పొయ్యి పొగకి నీటితో సంబంధం లేదు. అయినా ఇది నప్పుతుంది:

నీ ఇంటి పొగ కనబడుతుంది
కూర వాసనే దాటి రాదు

పంక్తికి 14 మాత్రలు. నీ వీణ పంక్తికీ అంతే, కాబట్టి బాణీ మార్చక్కర్లేదు. పుట్టిల్లు ఎంత దగ్గరో, ఎంత దూరమో రెండూ ఇందులో ఉన్నాయి.

గుణుపురం అబ్బాయి

పొగ బాగుంది మాస్టారూ. మరి మల్లెలు?

నరసన్నపేట నుంచి, ప్రస్తుతం రాయగడలో

మల్లెలు వేసవి పూలు కదా, ఏరు పొంగేది వానాకాలం. పైగా వాడిన మల్లెలంటే మగడి కోసం ఎదురుచూసే పాట. అమ్మతో ఆ మాట ఎవరంటారు? ఆషాఢంలో కొత్త కోడలు పుట్టింటికి వెళ్లాలి, సరిగ్గా అప్పుడే ఏరు వస్తుంది. మీ కథలో అసలు ఇబ్బంది అదే. దాన్ని వదిలేసి జడ ఎందుకు?

ఇంకొకటి, మోకాలు లోతులో ఆగిపోవడం మా ఊళ్లో గెడ్డకైతే నవ్వుతారు. గెడ్డ పొద్దున వచ్చి సాయంత్రానికి తగ్గుతుంది. 'ఈ వారం' అన్నారు కాబట్టి ఏరు అనే మాటే ఉంచండి, పాట పాడేవాళ్లు గెడ్డ అని మార్చకుండా చూసుకోండి.

గుణుపురం అబ్బాయి

ఆషాఢం నాకు తట్టనే లేదు, అమ్మమ్మ చెప్పింది కూడా! మల్లెలు, మబ్బులు తీసేసి ఇలా రాశా:

ఆషాఢానికి పంపిన కబురు
అందే లోపే రేవు మూసిరి

చిలుక, వీణ వేరే కాగితం మీద రాసి పెట్టుకున్నా, అత్తింటి పాట ఎప్పుడైనా రాస్తే పనికొస్తాయి. దీపం మాత్రం తీయలేను. పాటలో నాకు బాగా నచ్చిన పంక్తి అదే.

రాయగడ మాస్టారు

నచ్చిన పంక్తి కాబట్టే అనుమానించాలి. 'చీకటి ఇంట దీపం నీవే' అంటే అమ్మని పొగిడే పాట, ఏ ఊళ్లో ఉన్న కూతురైనా పాడుకోవచ్చు. అదే దీపం రాత్రి అవతలి గట్టు మీద ఆవిడ పెట్టినదైతే ఉంచు.

పర్లాకిమిడి తమ్ముడు

పొగ, దీపం రెండూ దూరం నుంచి కనబడేవే కదా. ఒకే మాట రెండుసార్లు చెప్పినట్టు అవదా?

రాయగడ మాస్టారు

అవును, అది నేను చూసుకోలేదు. పొగ పగలు, దీపం రాత్రి అనుకుంటే ఒక రోజు గడిచినట్టు వస్తుందేమో. పాడి వినిపిస్తే గానీ చెప్పలేను.

బరంపురం అక్క

పోనీ హంసనైనా పెట్టుకోండి, అది ఏరు దాటగలదు.