స్టెప్‌వైజ్‌తో కట్టిన మోడల్‌ను వైవాలో ఎలా సమర్థించుకోవాలి?

పీజీ_వైజాగ్: ఫిషింగ్ హార్బర్ దగ్గర 240 మందికి బీపీ చూశాను, 60 మందికి ఎక్కువగా ఉంది. ఉప్పు చేప తినడానికీ బీపీకీ సంబంధం ఉందా అన్నది నా ప్రశ్న. 20 వేరియబుల్స్ స్టెప్‌వైజ్‌లో వేస్తే 'సొంత ఇల్లు' మిగిలింది, పొగతాగడం పోయింది. ఇది తప్పు పద్ధతి అంటున్నారు. ఎందుకు? థీసిస్‌లో ఏం రాయాలి?

లెక్కల_మాస్టారు: ముందు ఇది ఆర్‌లో రన్ చేసి చూడండి.

```
set.seed(7)
d <- as.data.frame(matrix(rnorm(240*20), 240))
d$y <- rbinom(240, 1, 0.25)
summary(step(glm(y ~ ., binomial, d), trace = 0))
```

ఇందులో ఏ వేరియబుల్‌కీ `y`తో సంబంధం లేదు. అయినా మామూలుగా రెండు మూడు మిగిలిపోతాయి, సీడ్ మారిస్తే వేరేవి మిగులుతాయి. `step` వాడే ఏఐసీ ఒక్కోదాన్ని పి-విలువ సుమారు 0.157 వరకు ఉండనిస్తుంది మరి. మీ 'సొంత ఇల్లు' అలా దూరిందేమో! పైగా ఇరవైలోంచి ఏరినవే ఇవి అన్న సంగతి `summary`కి తెలియదు. అందుకే పి-విలువ ఉండాల్సినదానికంటే చిన్నగా కనిపిస్తుంది, ఆడ్స్ రేషియో ఉబ్బుతుంది.

రుషికొండ_రవి: ఇంత గొడవెందుకు, లాసో వేసేయండి. సమస్య తీరిపోతుంది.

లెక్కల_మాస్టారు: బీపీ ఎవరికి వస్తుందో అంచనా వేయాలంటే మీ మాట సరే. ఈమెకు కావాల్సింది ఉప్పు చేప ప్రభావం. బీపీతో కాస్త బలహీనంగా ముడిపడ్డ కన్ఫౌండర్‌ను లాసో కూడా వదిలేయవచ్చు.

ఐసీయూ_పీజీ: మా గైడ్ ఒక్కో వేరియబుల్‌ను విడిగా చూసి, పి 0.25 లోపు ఉన్నవే తీసుకోమన్నారు. మరణం అంచనా వేసే స్కోరు నాది. వైవాలో ఎవరూ అడగలేదు!

లెక్కల_మాస్టారు: అడగకపోవడం మీ అదృష్టం. విడిగా చూస్తే ఏమీ కనిపించనిది, వయసుతో కలిపి మోడల్‌లో పెట్టగానే బయటపడవచ్చు.

పీజీ_వైజాగ్ గారూ, డేటా పక్కనపెట్టి కాగితం మీద బాణాలు గీయండి. ఉప్పు చేప తినడాన్నీ బీపీనీ రెండింటినీ ప్రభావితం చేసేవి ఏవి? వయసు, లింగం, పొగ, మద్యం, ఆదాయం అనుకుందాం. పి-విలువ ఎంతైనా ఇవి మోడల్‌లో ఉంటాయి. థీసిస్‌లో ఇలా రాయండి: "సర్దుబాటు చేయాల్సిన వేరియబుల్స్‌ను ముందటి పరిశోధనల ఆధారంగా ఎంచుకున్నాం. మొదట స్టెప్‌వైజ్ చేశాం, ఆ ఫలితం అనుబంధంలో ఉంది." దాన్ని దాచొద్దు. రెండు మోడల్స్‌లో ఉప్పు చేప ఆడ్స్ రేషియో పక్కపక్కన పెట్టండి.

పీజీ_వైజాగ్: బీఎంఐ?

రుషికొండ_రవి: తప్పకుండా పెట్టాలి, బీపీకి అదే పెద్ద కారణం కదా.

లెక్కల_మాస్టారు: కారణమైతే చాలదు. ఉప్పు తిండి వల్లే బరువు పెరుగుతుంటే, బీఎంఐ పెట్టగానే ఆ దారిలో వచ్చే ప్రభావం చెరిగిపోతుంది. నేనైతే అసలు మోడల్‌లో పెట్టను, విడిగా ఒకసారి పెట్టి చూపిస్తాను. దీని మీద ఒప్పుకోనివాళ్లూ ఉన్నారు.

పీజీ_వైజాగ్: ఇంకో సంగతి సార్. ఆ 60 మందిలో 14 మందికి బీపీ ఉందని ముందే తెలుసు, డాక్టరు చెప్పాక ఉప్పు చేప తగ్గించారు.

లెక్కల_మాస్టారు: అయ్యో, అది స్టెప్‌వైజ్ కంటే పెద్ద చిక్కమ్మా. బీపీయే తిండిని మార్చింది, ఏ వేరియబుల్స్ ఎంచుకున్నా అది సర్దుకోదు. ముందే తెలిసినవాళ్లందర్నీ తీసేసి ఒకసారి చేయండి.

పీజీ_వైజాగ్: తీసేస్తే 46 మందే మిగులుతారు. గైడ్ మేడమ్ ఒప్పుకుంటారో లేదో.