‘కారణమైంది’ అనాలా, ‘కారణమై ఉండవచ్చు’ అనాలా?

రాయగడ డాక్టరమ్మ: ఒక కేసు రిపోర్టు ముగింపును ఇక్కడి తెలుగు ఆశా కార్యకర్తల కోసం తెలుగులో రాస్తున్నాను. రోగికి వైవాక్స్ మలేరియా. క్లోరోక్విన్‌తో పాటు ప్రిమాక్విన్ ఇచ్చాం. మూడో రోజుకి మూత్రం కాఫీ డికాషన్‌లా వచ్చింది, హిమోగ్లోబిన్ 11 నుంచి 7కి పడింది. ప్రిమాక్విన్ ఆపాక కోలుకున్నాడు. నా వాక్యాలు ఇవి: ‘ప్రిమాక్విన్ వల్ల ఎర్ర రక్తకణాలు పగిలాయి. రోగికి జీ6పీడీ లోపం లేదు.’ ఇంత గట్టిగా అనవచ్చా?

గుణుపురం మాస్టారు: ‘బహుశా ప్రిమాక్విన్ కారణమై ఉండవచ్చునేమో అనిపిస్తోంది’ అనండి. అణకువగా ఉంటుంది.

బరంపురం ఫార్మకాలజీ: మాస్టారూ, ఒకే వాక్యంలో నాలుగు సందేహాలు పెట్టారు! చదివేవాడికి మందు మీద అనుమానమో, రాసినవాళ్ల మీద అనుమానమో తెలియదు. డాక్టరమ్మా, ఇది మందు వల్లే జరిగిందా అని అంచనా వేసే నరాంజో స్కోరు వేశారా?

రాయగడ డాక్టరమ్మ: వేశాను. ఇలాంటివి ముందే నమోదయ్యాయి కాబట్టి 1, మందు వేశాకే వచ్చింది 2, ఆపాక తగ్గింది 1, ల్యాబులో తేలింది 1, వేరే కారణం లేదు 2. మొత్తం 7.

బరంపురం ఫార్మకాలజీ: ఆ చివరి 2 దగ్గరే నా పేచీ. మలేరియా కూడా రక్తకణాలను పగలగొడుతుంది కదా. వేరే కారణం ఉండగలదంటే 2 పోయి మైనస్ 1 వస్తుంది, మొత్తం 4 అవుతుంది. 5 నుంచి 8 వరకూ ప్రాబబుల్, 4 అయితే పాసిబులే.

సిరొంచ నుంచి: మా అన్నయ్యకి బీ కాంప్లెక్స్ వేసుకుంటే మూత్రం పచ్చగా వచ్చింది. ఇదేనా అది?

బరంపురం ఫార్మకాలజీ: కాదండీ, అది విటమిన్ రంగు. కణాలేవీ పగలవు.

గుణుపురం మాస్టారు: అయితే తెలుగులో తేడా ఉంది. గుమ్మంలో చెప్పులు కనిపిస్తే ‘అబ్బాయి వచ్చి ఉంటాడు’ అంటాం. చెప్పులు లేవు, తలుపు మాత్రం తీసి ఉందంటే ‘వచ్చి ఉండవచ్చు’ అంటాం. ప్రాబబుల్‌కి మొదటిది, పాసిబుల్‌కి రెండోది.

రాయగడ డాక్టరమ్మ: బాగుంది. కానీ మూడో రోజు స్మియరులో పరాన్నజీవులు లేవు. మలేరియా తగ్గుతుంటే హిమోగ్లోబిన్ పడింది. ఇవి చెప్పుల్లాంటివి కాదా?

బరంపురం ఫార్మకాలజీ: సగం చెప్పులు! పరాన్నజీవులు పోయాక కూడా కొన్నాళ్లు కణాలు పగలవచ్చు. ఈ విషయంలో మనకు రాజీ కుదరదు, రెండు వాదనలూ రిపోర్టులో రాయండి. నన్ను అసలు ఇబ్బంది పెట్టింది మీ రెండో వాక్యం. జీ6పీడీ అనే ఎంజైము తక్కువున్నవాళ్లకే ప్రిమాక్విన్‌తో కణాలు ఎక్కువగా పగులుతాయి కదా, ఆ పరీక్ష ఎప్పుడు చేశారు?

రాయగడ డాక్టరమ్మ: మూత్రం నల్లబడిన రోజే. నార్మల్ వచ్చింది.

బరంపురం ఫార్మకాలజీ: ఆ రోజుకి ఎంజైము తక్కువున్న ముసలి కణాలు పగిలిపోయి ఉంటాయి. మిగిలినవీ, కొత్తగా వచ్చినవీ లేత కణాలు, వాటిలో ఎంజైము ఎక్కువ. లోపం ఉన్నా నార్మల్‌గా కనబడవచ్చు. మూడు నెలలాగి మళ్లీ చేయాలి.

రాయగడ డాక్టరమ్మ: మనిషి కూలిపనికి వెళ్లిపోయాడు, ఫోను కలవడం లేదు. ఇలా మారుస్తాను: ‘ఇందుకు ప్రిమాక్విన్ కారణమై ఉండవచ్చు, మలేరియా వల్ల జరగలేదని చెప్పలేం. ఆ రోజు పరీక్షలో జీ6పీడీ లోపం కనబడలేదు, మళ్లీ పరీక్షించలేదు.’

గుణుపురం మాస్టారు: ‘పరీక్షించలేదు’ అంటే మీరు అశ్రద్ధ చేసినట్టుంటుంది. ‘పరీక్షించడం కుదరలేదు’ అనండి.

బరంపురం ఫార్మకాలజీ: నాకైతే ‘పరీక్షించలేదు’ అన్నదే నచ్చింది.