ఊళ్లు పెంచాలా, ఇళ్లు పెంచాలా?

కొత్త సర్వేయర్: మరుగుదొడ్డి వాడకం మీద సర్వే. ±5 శాతం తేడాతో తేలడానికి 384 ఇళ్లు చాలని లెక్క వచ్చింది. 20 ఊళ్లలో 20 ఇళ్ల చొప్పున 400 తీసుకుందామంటే మా గైడ్ వెయ్యి దాటాలంటున్నారు. ఎందుకండీ?

లెక్కల పిచ్చి: 384 చాలేది అన్ని ఊళ్ల ఇళ్లనూ ఒకే జాబితాలో వేసి చీటీలు తీసినప్పుడు. ఒకే ఊరి ఇళ్లు ఒకదాన్నొకటి పోలి ఉంటాయి. నీటి కుళాయి లేని ఊళ్లో పది ఇళ్లు తిరిగాక పదకొండో ఇంటి జవాబు తలుపు తట్టకముందే సగం తెలిసిపోతుంది. ఆ పోలికకు కొలమానం rho. అది 0.1 అనుకుందాం. ఊరికి తీసే ఇళ్లు m. చీటీలు తీసినదానికి ఎన్ని రెట్లు ఇళ్లు కావాలో చెప్పేది DEFF.

```
DEFF = 1 + (m - 1) * rho
     = 1 + 19 * 0.1 = 2.9
```

384ని 2.9తో హెచ్చిస్తే దాదాపు 1,114 ఇళ్లు, అంటే 56 ఊళ్లు. మీ 400 ఇళ్లు చీటీలు తీసిన 138 ఇళ్ల పాటి సమాచారమే ఇస్తాయి. తేడా ±8.3 దాకా పోతుంది.

ఫీల్డ్ మనిషి: 56 ఊళ్లంటే బండి ఖర్చు ఎవరిస్తారు? ఆ 20 ఊళ్లలోనే 60 ఇళ్ల చొప్పున తిరిగితే 1,200 అయిపోతాయి. టెన్షన్ లేదు.

లెక్కల పిచ్చి: m పెరిగితే DEFF కూడా 6.9కి ఎక్కుతుంది. 1,200ని దానితో భాగిస్తే 174. ఒక్కో ఊళ్లో ఎన్ని వందల ఇళ్లు తిరిగినా 20 ఊళ్లతో 200 దాటలేరు, ఎందుకంటే పైకప్పు 20 / 0.1. అంటే ±5 ఎప్పటికీ రాదు. ఊరికి 10 ఇళ్లే తీస్తే 730తో సరిపోతుంది, కాకపోతే 73 ఊళ్లు తిరగాలి.

టీకాల బ్యాచ్: ఇంత గొడవ ఎందుకు? మేం 30 ఊళ్లు, ఊరికి 7 మంది పిల్లలు, DEFF 2 అని వేసేస్తాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ పాత టీకాల సర్వే పద్ధతే అది. ఎక్కడైనా 2 పెట్టుకోవచ్చు.

లెక్కల పిచ్చి: ఆ పద్ధతి ±10కి కట్టింది. చీటీలు తీస్తే 96 మంది చాలు, రెట్టింపు చేస్తే 192, అందుకే 210. కానీ 7 మందికి 2 రావాలంటే rho ఆరో వంతు. అదే rho ఊరికి 20 ఇళ్లకు వేస్తే DEFF 4 దాటుతుంది. ఆ 2ను అక్కడి నుంచి ఎత్తుకొచ్చి ఇక్కడ పెట్టలేం.

జనాభా లెక్క: మేం ఊళ్లను జనాభాను బట్టి ఎంపిక చేశాం. మాకు ఇది వర్తించదు కదా?

లెక్కల పిచ్చి: ప్రతి ఊరి నుంచీ సమానంగా ఇళ్లు తీస్తే వెయిట్లలో హెచ్చుతగ్గులు తగ్గుతాయి, అది నిజమే. పక్కింటి పోలిక మాత్రం ఎక్కడికీ పోదు.

కొత్త సర్వేయర్: 5 ఊళ్లలో పైలట్ చేసి rho తీయొచ్చా?

లెక్కల పిచ్చి: 5 ఊళ్లతో వచ్చే rhoని నమ్మలేం, ఒక్క ఊరు మారితే తలకిందులవుతుంది. ఇదే ప్రశ్న అడిగిన పాత సర్వే డేటా ఉంటే అందులోంచి తీయండి.

ఫీల్డ్ మనిషి: ఆ పాత సర్వే తర్వాత సగం ఊళ్లలో మరుగుదొడ్లు కట్టేసి ఉంటే? rho పెరిగి ఉండదా?

లెక్కల పిచ్చి: పెరిగే ఉంటుంది. ఎంతో మాత్రం చెప్పలేను. నేనైతే 0.15 పెట్టి, ఇళ్లు తగ్గించి ఊళ్లు పెంచుతాను. మీ గైడ్ ఒప్పుకుంటారో లేదో మరి.