అప్‌డేట్: తిరుపతి పెళ్లి, ఎన్ని ఆకులకు చెప్పాలి?

నేను అడిగింది: "తిరుపతిలో మా చెల్లి పెళ్లి, ముహూర్తం తెల్లవారుజామున 4:30కి. 400 మందిని పిలిచాం. క్యాటరింగ్ వాళ్లకు ఎంతమందికి చెప్పాలి?"

అప్‌డేట్: పెళ్లి బాగా జరిగింది. మా వంట మాస్టర్‌కి మనస్ఫూర్తిగా థ్యాంక్స్. ఆయన మొదటే, "మూడు పూటలకూ ఒకటే లెక్క చెప్పొద్దన్నా. టిఫిన్ కాగానే సగంమంది కొండకు పోతారు" అన్నారు. అందుకని రాత్రి భోజనానికి 350, పొద్దున టిఫిన్‌కి 200, మధ్యాహ్నానికి 120 చెప్పాం.

మధ్యాహ్నం 138 మంది తిన్నారు, అయినా అన్నం తక్కువ కాలేదు. బియ్యం కడిగి పక్కన పెట్టుకొని, రెండో పంక్తి కూర్చోగానే ఇంకో గిన్నె పొయ్యి మీదకెక్కించారు. పొంగలి చల్లారి గట్టిపడకుండా వేడినీళ్లు, నెయ్యి పోసి కలుపుతూనే ఉన్నారు. ఆ ఓపిక నేను మర్చిపోలేను. వడలు మాత్రం చివరి పంక్తికి చాలలేదు, ఆ మేరకు బిల్లులో ఆయనే తగ్గించారు.

బిల్లు ఆకుల లెక్కనే. ప్రతి పూటా వడ్డనకు ముందు, తర్వాత మా బాబాయి, వాళ్ల మనిషి కలిసి ఆకులు లెక్కపెట్టి చీటీ మీద సంతకాలు చేశారు. చినిగిన ఆకులు విడిగా తీసిపెట్టమని ముందే చెప్పండి, లేకపోతే అవీ లెక్కలోకి వస్తాయి.