ఎల్లుండి సెమినార్‌కి 8 స్లైడ్లు: పవర్‌పాయింటా, గూగుల్ స్లైడ్సా, క్యాన్వానా?

కొత్తబెంచీ: డిగ్రీ సెకండియర్. ఎల్లుండి వర్మీకంపోస్టు మీద తెలుగులో సెమినార్, 8 స్లైడ్లు చాలన్నారు. ఇంతవరకు ఒక్క స్లైడు కూడా చేయలేదు. ఇంట్లో ల్యాప్‌టాప్ విండోస్ 10, ఆఫీస్ లేదు. సెమినార్ హాల్లో పాత కంప్యూటర్: విండోస్ 7, పవర్‌పాయింట్ 2010, నెట్ రాదు. పెన్‌డ్రైవ్‌లో పట్టుకెళ్లాలి. ఏది వాడమంటారు?

గోదారిగట్టు: క్యాన్వా. ఇంకో మాట లేదు. టెంప్లేట్ తీసుకో, మాటలు మార్చు, రాత్రికి అయిపోద్ది. కిరీటం గుర్తున్న బొమ్మల జోలికి మాత్రం పోకు, వాటికి డబ్బులడుగుద్ది.

స్లైడుమేస్త్రి: తమ్ముడూ, ఎక్కడ చేస్తావన్నది తర్వాత, ఎక్కడ చూపిస్తావన్నది ముందు చూడు. నీ తిప్పలన్నీ ఫాంటు దగ్గరే. గూగుల్ స్లైడ్స్‌లో మండలి ఫాంటు పెట్టి .pptx దించుకున్నావనుకో, ఫైల్లో ఫాంటు కూడా వచ్చినా, హాల్లోని పాత పవర్‌పాయింట్ దాన్ని వాడుకుంటుందన్న నమ్మకం లేదు. వాడుకోకపోతే మండలి బదులు విండోస్‌లో ఉండే గౌతమి ఫాంటో వాణి ఫాంటో వచ్చి కూర్చుంటుంది. గౌతమి వరుసకీ వరుసకీ మధ్య జాగా ఎక్కువ తింటుంది. "వర్మీకంపోస్టు తయారీలో జాగ్రత్తలు" అని ఇంట్లో ఒక్క వరుసలో ఇమిడిన శీర్షిక అక్కడ అక్షరాల వెడల్పు మారి రెండు వరుసలైతే కింద బొమ్మ మీదికి దిగుతుంది.

ఇంట్లో పవర్‌పాయింట్ ఉన్నా ఇదే గొడవ. ఫాంటు పెట్టెలో పేరు కాలిబ్రి అని కనిపించినా కాలిబ్రిలో తెలుగు అక్షరాలే లేవు. విండోస్ 10లో చాటుగా నిర్మలా యూఐ ఆ పని చేస్తుంది. విండోస్ 7కి ఆ ఫాంటు లేదు.

గోదారిగట్టు: క్యాన్వా కూడా PPTX ఇస్తుంది కదండీ. దానికింత పురాణమెందుకు?

స్లైడుమేస్త్రి: ఇస్తుంది. తెరిచి చూశారా? క్యాన్వా ఫాంటు ఆ కంప్యూటర్లో ఉండదు కాబట్టి అక్కడా ఇదే కథ. పైగా శీర్షికకీ కింది పాఠానికీ సంబంధం లేకుండా అన్నీ విడివిడి పెట్టెలుగా వస్తాయి. ఒక పెట్టె పొంగితే పక్కదాన్ని చేత్తో జరుపుకోవాల్సిందే.

ఇంకోటి. టెంప్లేట్‌లో ఉన్నది ఇంగ్లీషు అక్షరాల ఫాంటైతే, దాని మీద తెలుగు కొట్టగానే వేరే ఫాంటుకి జారిపోతుంది. శీర్షిక లావు పోయి అంతా ఒకేలా సన్నగా కనబడుతుంది. ముందే ఫాంట్ల జాబితాలో Telugu అని వెతికి పెట్టుకోవాలి.

అనుపండితుడు: మా షాపులో పాంఫ్లెట్ మేటరంతా అను ఫాంట్లలో ఉంది. క్యాన్వాలో పేస్ట్ చేస్తే పిచ్చి ఇంగ్లీషు అక్షరాలు వస్తున్నాయి. దీనికేం చెప్తారు మేస్త్రి గారూ?

స్లైడుమేస్త్రి: అది వేరే జబ్బండీ. అనులో కొట్టింది అసలు తెలుగు అక్షరాలుగా నిల్వ ఉండదు, ఇంగ్లీషు గుర్తులకి తెలుగు ముక్కల బొమ్మలు తొడిగినట్టు ఉంటుంది. యూనికోడ్‌లోకి మార్చి తెస్తే తప్ప మూడింటిలోనూ అంతే. కుర్రాడి సందేహం తీరనివ్వండి.

స్లైడుమేస్త్రి: కొత్తబెంచీ, ఇలా చెయ్. గూగుల్ స్లైడ్స్ తెరిచి Slide > Edit theme లోకి వెళ్లు. ఎడమవైపు అన్నిటికన్నా పైనున్న పెద్ద స్లైడు పట్టుకుని శీర్షిక పెట్టెకీ, పాఠం పెట్టెకీ ఫాంటు మార్చు. ఫాంట్ల జాబితాలో More fonts నొక్కి Scripts దగ్గర Telugu ఎంచుకుంటే మండలి, రామభద్ర, ఎన్‌టీఆర్ అన్నీ వస్తాయి. శీర్షికకి రామభద్ర, పాఠానికి మండలి 18 సైజు చాలు. ఇక ప్రతి స్లైడుకీ Title and body అమరికే వాడు. వేరే చోట నుంచి తెచ్చిన పాఠాన్ని Ctrl+Shift+V తో అతికించు, లేకపోతే పాత ఫాంటు వెంటబడి వస్తుంది. అయ్యాక File > Download > PDF Document. ఫాంటు పీడీఎఫ్ లోపలే ఉంటుంది, ఏ కంప్యూటర్లోనైనా ఒకేలా కనబడుతుంది.

చివరివరుస: 18 సైజా? 24కి తగ్గితే వెనక బెంచీకి కనబడదు. ఎవరైనా చెప్పే మాటే ఇది.

స్లైడుమేస్త్రి: ఏ పేజీ మీద 24? కొత్త పవర్‌పాయింట్ స్లైడు ఎత్తు 7.5 అంగుళాలు, గూగుల్ స్లైడ్స్‌ది 5.625. తెర ఒకటే, రెండూ దాని నిండా సాగుతాయి. అక్కడి 24, ఇక్కడి 18 తెర మీద ఒకే ఎత్తు.

చివరివరుస: లెక్కలు నాకొద్దండీ. 18 అంటే 18.

స్లైడుమేస్త్రి: 18ని 5.625తో, 24ని 7.5తో భాగించండి. రెండూ 3.2. ఇంతకన్నా చెప్పలేను.

చివరివరుస: తెలుగులో ఒత్తులు, గుణింతాలు కిందికీ పైకీ పోతాయి. ఇంగ్లీషు లెక్క తెలుగుకి చాలదు. 24 పెట్టుకో తమ్ముడూ.

స్లైడుమేస్త్రి: ఒత్తుల మాట నిజమే. 20 పెట్టు. 24 పెడితే ఒక్కో స్లైడులో నాలుగు వాక్యాలు కూడా పట్టవు.

పాతబస్తీ_పోరడు: అన్నా, విండోస్ 7ల పీడీఎఫ్ తెరిచేటిది దానంతట అది ఉండదు. అడోబ్ రీడర్ ఎక్కియ్యకపోతే ఏం జేస్తడు? నెట్ గూడ లేదాయె.

స్లైడుమేస్త్రి: మంచి మాట పట్టావు, నాకు తట్టలేదు. రీడర్ ఉంటే Ctrl+L నొక్కితే తెరంతా పరుచుకుంటుంది. లేకపోతే స్లైడ్లని బొమ్మలుగా దించి, పవర్‌పాయింట్ 2010లో Insert > Photo Album తో ఒక్కసారే ఎక్కించాలి, Picture layout దగ్గర Fit to slide పెట్టాలి. మొదట వచ్చే శీర్షిక స్లైడు తీసేస్తే సరి. పైనా కిందా నల్లపట్టీ వస్తుంది. దాన్ని పోగొడదామని Page Setup మారిస్తే బొమ్మలు అడ్డంగా సాగుతాయి, ముట్టుకోవద్దు. చిక్కల్లా, గూగుల్ స్లైడ్స్ ఒకసారికి ఒక్క స్లైడునే JPEG గా ఇస్తుంది. ఎనిమిదిసార్లు దించాలి.

గోదారిగట్టు: క్యాన్వాలో JPG అని నొక్కితే ఎనిమిదీ ఒకే జిప్‌లో వచ్చేస్తాయి. ఇప్పుడేమంటారు మేస్త్రి గారూ? మొదట్నుంచీ నేనన్నదేగా.

స్లైడుమేస్త్రి: ఆ ఒక్కదాంట్లో మీదే గెలుపు. మిగతాది కాదు.

గోదారిగట్టు: మిగతాదంటే ఏంటండీ? బొమ్మలే చూపించేటప్పుడు పెట్టెలు విడివిడిగా ఉంటే ఎవరిక్కావాలి? థీమ్, అమరిక అంటూ ఎల్లుండి సెమినార్ ఉన్న కుర్రాడికి కంప్యూటర్ కోర్సు చెబుతున్నారు. వాడడిగింది ఎనిమిది స్లైడ్లు!

స్లైడుమేస్త్రి: సెమినార్ పొద్దున సారు "ఆరో స్లైడులో వానపాముల జాతి పేరు తప్పు, దిద్దు" అంటే? బొమ్మలో అక్షరం దిద్దలేడు. నెట్ లేదు, క్యాన్వా తెరుచుకోదు. అప్పుడు మీ జిప్‌ని ఏం చేసుకుంటాడు?

గోదారిగట్టు: మీ పీడీఎఫ్‌లో మాత్రం దిద్దుతాడా?

స్లైడుమేస్త్రి: దిద్దలేడు. అందుకే పెన్‌డ్రైవ్‌లో .pptx కూడా ఉండాలంటున్నా. గౌతమిలో వంకరగా కనబడినా మాట మార్చుకోవచ్చు. అమరికలో పెట్టినది గనక ఫాంటు మారినా మరీ చెల్లాచెదురు కాదు. మీరు ఒక్కసారి చూపించి పారేసే స్లైడ్ల గురించి మాట్లాడుతున్నారు, నేను మళ్లీ ముట్టుకోవాల్సిన వాటి గురించి.

గోదారిగట్టు: ఆ మాట మొదటే అనుంటే ఇంత గోలుండేది కాదు. డిగ్రీ సెమినార్ స్లైడ్లు మళ్లీ ఎవరూ ముట్టుకోరన్నదే నా మాట.

చివరివరుస: 24.

కొత్తబెంచీ: అందరికీ థ్యాంక్సండీ. హాల్లో రీడర్ ఉందో లేదో రేపు మధ్యాహ్నం వెళ్లి చూసొస్తా. గూగుల్ స్లైడ్స్‌లో మొదలెట్టాను, 20 సైజే పెట్టా. ఒక్క డౌటు: వర్మీ బెడ్ ఫొటోల మీద పాఠం ఒక్కో వరుసా నొక్కినప్పుడు వచ్చేలా యానిమేషన్ పెట్టుకున్నా. పీడీఎఫ్‌లో అలాగే వస్తుందా?

పాతబస్తీ_పోరడు: రాదు తమ్మి. అన్నీ ఒక్కపారే కనబడ్తయ్. స్లైడుని Ctrl+D తోని నకలు తీస్కో, మొదటిదాంట్ల ఒక్క వరుస, రెండోదాంట్ల రెండు వరుసలు, గట్ల వెట్టు. ఎనిమిది కాస్త పన్నెండైతయ్ గానీ, చూసేటోళ్లకి తెల్వది.